ఆఫర్ లెటర్‌లో 18 లక్షలు, బ్యాంకు లెక్కలో పద్నాలుగున్నర

మియాపూర్‌లో కొత్తగా కడుతున్న అపార్ట్‌మెంటు చూడటానికి వెళ్లినవాళ్లను సైటాఫీసులో మొదట అడిగే ప్రశ్న ఒకటే: "సార్, ప్యాకేజీ ఎంత?" సాఫ్ట్‌వేర్ ఉద్యోగి "పద్దెనిమిది" అనగానే మార్కెటింగ్ కుర్రాడు ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీస్తాడు. 18 లక్షల్ని పన్నెండుతో భాగిస్తే నెలకు లక్షన్నర. అందులో 55 శాతం ఈఎంఐకి పోవచ్చనుకుంటే 82,500. కారు లోను 11,500 తీసేస్తే 71,000. "ఎనభై లక్షల దాకా వచ్చేస్తుంది సార్, ఢోకా లేదు" అంటాడు. అతని గుణకారంలో తప్పేం లేదు. తప్పంతా మొదటి అంకెలోనే ఉంది.

ఈ ఉద్యోగి మనం లెక్క కోసం కల్పించుకున్న మనిషి. హైదరాబాదులో ఇలాంటి జీతం లెక్కలు మాత్రం వీధికొకటి దొరుకుతాయి. ఫ్లాటు ధర 80 లక్షలు, కావలసిన లోను 64 లక్షలు. అతను ప్రస్తుత కంపెనీలో 2023 జులైలో చేరాడు, 2026 మార్చిలో లోనుకు దరఖాస్తు పెట్టాడు. ఈ తేదీలు గుర్తుంచుకోవాలి, కథంతా వాటి చుట్టూనే తిరుగుతుంది.

సీటీసీ అంటే కంపెనీ తన ఉద్యోగి మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు. అదంతా ఉద్యోగి చేతికొచ్చే డబ్బు కాదు. ఇతని 18 లక్షల్లో 2,70,000 వేరియబుల్ పే, అంటే పనితీరును బట్టి, కంపెనీ లాభాలను బట్టి ఇచ్చేది. కంపెనీ కట్టే పీఎఫ్ వాటా, గ్రాట్యుటీ కింద పక్కన పెట్టేది, గ్రూప్ ఇన్సూరెన్సు ప్రీమియం కలిపి ఇంకో 66,000. ఇవి రెండూ తీసేస్తే మిగిలేది 14,64,000, నెలకు 1,22,000. పే స్లిప్పులో 'గ్రాస్' అని కనిపించేది ఇదే. దాంట్లోంచి ఉద్యోగి పీఎఫ్ 1,800, వృత్తి పన్ను 200, కొత్త పన్ను విధానంలో టీడీఎస్ సుమారు 7,657 పోగా, ఖాతాలో పడేది 1,12,343.

లక్షన్నర అనుకున్నది లక్షా పన్నెండు వేలయింది. బ్యాంకు ఇంకా ఏ కోతా పెట్టలేదు, ఇది పే స్లిప్పు తనంతట తాను చెప్పిన మాట.

పే స్లిప్పును బ్యాంకులో చదివే పద్ధతి వేరు. మనం కింద ఉన్న నెట్ అంకె చూసి మడిచి పెట్టేస్తాం. క్రెడిట్ ఆఫీసరు దాన్ని మూడు కాగితాల పక్కన పెట్టి చూస్తాడు. మొదటిది బ్యాంకు స్టేట్‌మెంటు: స్లిప్పులో నెట్ ఎంతుందో, ఆ నెలాఖరుకు కంపెనీ పేరుతో ఖాతాలో సరిగ్గా అంతే పడిందా? రెండోది ఫారం 16: స్లిప్పుల్లో కోసిన టీడీఎస్ నిజంగా ప్రభుత్వానికి కట్టారా, ఆదాయ పన్ను శాఖ 26ఏఎస్‌లో కనిపిస్తోందా? మూడోది పీఎఫ్ పాస్‌బుక్: యూఏఎన్ నంబరు కింద ఈ కంపెనీ నెలనెలా జమ చేస్తోందా, మధ్యలో ఖాళీ నెలలున్నాయా? దొంగ పే స్లిప్పు తయారు చేయడం కంప్యూటరున్న వాడికి పది నిమిషాల పని. ఈ మూడు చోట్లా అదే అబద్ధాన్ని అతికించడం మాత్రం అయ్యే పని కాదు. అందుకే పట్టుబడేవాళ్లు చాలావరకు ఇక్కడే పట్టుబడతారు.

ఇందులో నిజాయితీపరులు ఇరుక్కునే సందులు కూడా ఉన్నాయి. ఇచ్చిన మూడు స్లిప్పుల్లో ఒక నెల పెరిగిన జీతం తాలూకు ఎరియర్స్ కలిసి వచ్చాయనుకోండి, ఆ నెల లక్షన్నర కనిపిస్తుంది. ఉద్యోగి ఆ స్లిప్పునే పైన పెట్టి ఇస్తాడు. ఆఫీసరు దాన్ని పక్కన పెట్టి మామూలు నెలను లెక్కలోకి తీసుకుంటాడు. ఒక నెల సెలవులెక్కువై జీతం కోత పడితే మాత్రం, 'లాస్ ఆఫ్ పే' అన్న గడి ఎందుకు నిండిందో చెప్పమని అడుగుతాడు. ఎక్కువొచ్చిన నెలను నమ్మడు, తక్కువొచ్చిన నెలను వదలడు. విసుగు పుట్టించే పద్ధతే, కానీ ఇరవయ్యేళ్ల అప్పు ఇచ్చేవాడు ఒక్క నెల వెలుగు చూసి ఇవ్వలేడు కదా.

పెట్రోలు బిల్లులు, ఫోన్ బిల్లులు, ఫుడ్ కూపన్ల లాంటి రీయింబర్స్‌మెంట్లను చాలా సంస్థలు ఆదాయంగా చూడవు. ఖర్చు పెట్టినదాన్ని తిరిగి ఇస్తున్నారు కాబట్టి దాంతో ఈఎంఐ కట్టే వీల్లేదన్నది వాళ్ల వాదన.

ఇక వేరియబుల్ పే దగ్గరికి వద్దాం. దీని లెక్కకు రిజర్వు బ్యాంకు ఒక సూత్రమంటూ గీసి ఇవ్వలేదు. ప్రతి బ్యాంకు, ప్రతి హౌసింగ్ ఫైనాన్సు కంపెనీ తన సొంత క్రెడిట్ పాలసీ రాసుకుంటుంది. అయినా చాలా చోట్ల కనిపించే తీరు ఒకటుంది. ఆఫర్ లెటర్‌లో రాసిన టార్గెట్ అంకెను చూడరు, నిజంగా చేతికొచ్చినదాన్నే చూస్తారు. ఏడాదికోసారి వచ్చేదైతే కనీసం రెండేళ్లు వచ్చి ఉండాలంటారు. ఆ రెండేళ్ల సగటు కట్టి, అందులో సగమే ఆదాయంలో కలుపుతారు. ఉదారంగా ఉండే సంస్థలు ఇంకాస్త ఎక్కువ కలుపుతాయి, జాగ్రత్త ఎక్కువైన సంస్థలు అసలు కలపవు.

సగమే ఎందుకు? వేరియబుల్ పే మీద ఉద్యోగికి పట్టు ఉండదు. అతను బాగా పనిచేసినా, అమెరికాలోని క్లయింటు ప్రాజెక్టు ఆపేస్తే ఆ ఏడాది బోనస్ ఎగిరిపోవచ్చు. మంచి ఏడాదిని ఆధారంగా తీసుకుని ఈఎంఐ కడితే చెడ్డ ఏడాదిలో కిస్తీ తప్పుతుంది. ఏడాదికోసారి వచ్చే డబ్బుతో నెలనెలా కిస్తీ కట్టడంలో ఇంకో చిక్కుంది: జూన్‌లో వచ్చిన రెండు లక్షలు మరుసటి ఫిబ్రవరి కిస్తీ దాకా ఖాతాలో ఉంటాయన్న నమ్మకం ఎవరికుంటుంది? వేసవి సెలవుల టిక్కెట్లకో, పిల్లల ఫీజులకో పోతాయి. బ్యాంకుకు ఈ సంగతి మనకన్నా బాగా తెలుసు.

మన ఉద్యోగికి 2024 జూన్‌లో 1,80,000, 2025 జూన్‌లో 2,16,000 వచ్చాయి. రెండోసారి టార్గెట్ 2,70,000లో అది 80 శాతం. సగటు 1,98,000, అందులో సగం 99,000, నెలకు 8,250. దీన్ని టేక్ హోమ్‌కు కలిపితే నెలకు 1,20,593. ఏడాదికి పద్నాలుగున్నర లక్షల లోపే. కొన్ని సంస్థలు బోనస్ మీద పన్ను కూడా తీసేసి మిగిలినదాన్నే సగం చేస్తాయి, అప్పుడు ఇంకొంచెం తగ్గుతుంది.

కానీ ఈ 8,250 కూడా అతనికి మొదటి విడతలో దక్కలేదు. కారణం అతని జీతం కాదు, అతను ఇచ్చిన కాగితాలు.

బ్యాంకు చెక్‌లిస్టులో అడిగినవి మూడు నెలల పే స్లిప్పులు, ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు, రెండేళ్ల ఫారం 16. సరిగ్గా అవే ఇచ్చాడు. స్లిప్పులు డిసెంబరు, జనవరి, ఫిబ్రవరివి. స్టేట్‌మెంటు సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి దాకా. బోనస్ పడింది జూన్‌లో. అంటే ఇచ్చిన స్లిప్పుల్లో గానీ స్టేట్‌మెంటులో గానీ దాని జాడే లేదు. ఫారం 16లో ఉంటుంది కదా అనుకున్నాడు. అందులో ఏడాది జీతమంతా ఒకే మొత్తంగా ఉంటుంది తప్ప, ఎంత ఫిక్స్‌డ్, ఎంత వేరియబుల్ అని విడదీసి ఉండదు. అంతకన్నా పెద్ద లోటు ఇంకొకటి. 2025 జూన్ బోనస్ 2025-26 ఆర్థిక సంవత్సరానికి చెందింది. ఆ ఏడాది ఫారం 16 వచ్చేది 2026 జూన్‌లో. మార్చిలో అతని చేతిలో ఉన్న చివరి ఫారం 16 అంతకు ముందు ఏడాదిది, అందులో 2024 జూన్ బోనస్ ఒక్కటే కలిసి ఉంది. ఫైలు ప్రకారం చూస్తే ఈ మనిషికి వేరియబుల్ ఒక్కసారే వచ్చినట్టు, అది కూడా రుజువు లేకుండా వచ్చినట్టు ఉంది. ఆఫీసరు ఫిక్స్‌డ్ జీతం ఒక్కటే తీసుకున్నాడు.

ఇక్కడ ఈఎంఐ లెక్క ఒకసారి చూద్దాం. నికర ఆదాయంలో అన్ని అప్పుల కిస్తీలూ కలిపి ఇంత శాతం దాటకూడదని ప్రతి సంస్థా గీత గీసుకుంటుంది. దాన్ని ఎఫ్‌ఓఐఆర్ అంటారు. జీతాన్ని బట్టి ఇది సుమారు 50 నుంచి 60 శాతం మధ్య ఉండటం మామూలు. మనం 55 అనుకుందాం. 8.5 శాతం వడ్డీకి, ఇరవయ్యేళ్లకు లక్ష రూపాయల అప్పు మీద నెల కిస్తీ 868 రూపాయలు. ఫిక్స్‌డ్ జీతం 1,12,343లో 55 శాతం 61,789. కారు కిస్తీ 11,500 పోగా 50,289. అంటే లోను 57.9 లక్షలు. కావలసింది 64. ఆరు లక్షలు తక్కువ.

ఈ దశలో చాలామంది బ్యాంకు మారతారు. ఇతను మారలేదు. బ్రాంచిలో మేనేజరును కలిసి, "సార్, నా వేరియబుల్ ఎందుకు కలపలేదు?" అని అడిగాడు. వచ్చిన జవాబు చిన్నదే: "మీరు చూపించలేదు కదండీ." రెండు జూన్ నెలల పే స్లిప్పులు, ఆ రెండు నెలల్లో డబ్బు ఖాతాలో పడిన స్టేట్‌మెంటు పేజీలు, ఏ ఏడాదికి ఎంత శాతం చెల్లించారో కంపెనీ ఇచ్చిన రెండు లెటర్లు తెచ్చి ఇచ్చాడు. సగటులో సగం కలిసింది. 1,20,593లో 55 శాతం 66,326, కారు కిస్తీ పోగా 54,826, లోను 63.1 లక్షలు. చెక్‌లిస్టులో లేని ఆ కొన్ని కాగితాలు అయిదు లక్షల పైచిలుకు తెచ్చాయి. బోనస్ మామూలుగా ఏ నెలలో వస్తుందో ఆ నెల స్లిప్పు అడక్కపోయినా జతచేయాలన్నది ఈ రంగంలో పనిచేసేవాళ్లు దరఖాస్తుదారులకు నోరు నొప్పి పుట్టేలా చెప్పే మాట.

ఈ ఉద్యోగి గతేడాదే కంపెనీ మారి ఉంటే కథ ఇంకోలా ఉండేది. కొత్త కంపెనీలో వేరియబుల్ ఒక్కసారి కూడా రాకముందు, ఆఫర్ లెటర్‌లో ఎంత రాసి ఉన్నా చాలా చోట్ల అది సున్నా. జాయినింగ్ బోనస్ కూడా అంతే, ఒక్కసారి వచ్చే డబ్బు ఆదాయం కాదు, పైగా ఏడాది లోపు మానేస్తే వెనక్కి ఇవ్వాల్సింది. ఇల్లు కొనాలన్న ఆలోచన ఉన్నప్పుడు, 16 లక్షల ఫిక్స్‌డ్ ఉద్యోగం వదిలి 20 లక్షల సీటీసీలో ఆరు లక్షలు వేరియబుల్ ఉన్న ఉద్యోగంలోకి దూకితే, చుట్టాల దగ్గర జీతం పెరుగుతుంది, బ్యాంకు దగ్గర తరుగుతుంది.

నెలనెలా ఇన్సెంటివ్ వచ్చే ఉద్యోగాల లెక్క కాస్త వేరు. విజయవాడలో ఒక మెడికల్ రిప్రజెంటేటివ్‌ను ఊహించుకోండి. ఫిక్స్‌డ్ 32,000. ఆరు నెలల ఇన్సెంటివ్‌లు వరసగా 14,000, సున్నా, 9,000, 22,000, 6,000, 9,000. మొత్తం 60,000, సగటు 10,000, సగం చేస్తే 5,000. ఇలాంటివాళ్లకు మూడు నెలల స్లిప్పులు చాలవు, ఆరు నెలలవో పన్నెండు నెలలవో అడుగుతారు. వాళ్లు చేసే పొరపాటు ఇంకోచోట ఉంటుంది. తిరుగుళ్లకు ఇచ్చే డైలీ అలవెన్సు, ప్రయాణ ఖర్చులు కూడా కంపెనీ పేరుతోనే ఖాతాలో పడతాయి. వాటిని కలుపుకుని "నాకు నెలకు అరవై వేలొస్తాయి" అనుకుంటారు. బ్యాంకు వాటిని ముందే ఏరి పక్కన పెట్టేస్తుంది. నర్సుల నైట్ డ్యూటీ అలవెన్సు, ఫ్యాక్టరీ కార్మికుల ఓవర్‌టైమ్ కూడా ఈ కోవలోవే: క్రమం తప్పకుండా వస్తున్నట్టు నెలనెలా స్లిప్పుల్లో కనబడితే సగటులో కొంత భాగం కలుస్తుంది.

ఇంతవరకూ పే స్లిప్పులు ఇచ్చే కంపెనీల సంగతి. సాలరీ సర్టిఫికెట్ అవసరమయ్యేది ప్రధానంగా రెండు రకాల వాళ్లకు.

మొదటి రకం ప్రభుత్వోద్యోగులు. వాళ్లకూ నెల జీతం స్లిప్పు ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. అయినా బ్యాంకులు డీడీవో సంతకం, ఆఫీసు సీలు ఉన్న సర్టిఫికెట్ అడగడం రివాజు. ఎందుకంటే అందులో స్లిప్పులో లేని సంగతులుంటాయి: ఉద్యోగం పర్మనెంటా, ఎప్పుడు చేరారు, ఎప్పుడు రిటైరవుతారు. ఆంధ్రప్రదేశ్‌లో రిటైర్మెంటు 62 ఏళ్లకు, తెలంగాణలో 61 ఏళ్లకు. యాభయ్యేళ్ల టీచరుకు ఇరవయ్యేళ్ల లోను కావాలంటే ఆ తేదీ దగ్గరే ఆగి మాట్లాడతారు. వీళ్లకు వేరియబుల్ తలనొప్పి లేదు. డీఏ పేరుకు మారేదే అయినా పెరగడమే దాని స్వభావం కాబట్టి పూర్తిగా లెక్కలోకి వస్తుంది. వీళ్ల ఇబ్బంది కోతల వైపు నుంచి వస్తుంది: జీవిత బీమా ప్రీమియం, సొసైటీ అప్పు, పండగ అడ్వాన్సు అన్నీ జీతంలోనే కోసుకుపోతే నెట్ కుంచించుకుపోతుంది. సర్టిఫికెట్‌లో ప్రతి కోతనూ విడిగా రాయించుకుంటే ఏది అప్పు, ఏది పొదుపు అన్నది ఆఫీసరుకు తెలుస్తుంది. త్వరలో తీరిపోయే అడ్వాన్సుకు ఇంకెన్ని వాయిదాలున్నాయో రాయిస్తే ఇంకా మేలు.

రెండో రకం చిన్న ప్రైవేటు స్కూళ్లు, నర్సింగ్‌హోములు, దుకాణాలలో పనిచేసేవాళ్లు. అక్కడ పే స్లిప్పు అన్న మాటే ఉండదు. యజమాని లెటర్‌హెడ్ మీద హోదా, చేరిన తేదీ, నెల జీతం, కోతలు, నికర జీతం రాసి, ఇటీవలి తేదీ వేసి సంతకం, సీలు పెట్టిస్తే అదే ఆధారం. అయితే ఈ కాగితం ఒంటరిగా నిలబడదు. "ఈమెకు నెలకు 28,000 ఇస్తున్నాం" అని రాసి, ఖాతాలో నెలనెలా 15,000 పడి, మిగతా 13,000 చేతికి ఇస్తుంటే బ్యాంకులు నమ్మేది ఖాతానే. చేతికొచ్చే జీతాన్ని కొన్ని హౌసింగ్ ఫైనాన్సు సంస్థలు స్కూలుకో ఆస్పత్రికో మనిషిని పంపి విచారించుకుని లెక్కలోకి తీసుకుంటాయి గానీ, వడ్డీ ఎక్కువ పడుతుంది. లోనుకు వెళ్లే ఏడాది ముందు నుంచే జీతమంతా ఖాతాలో వేయమని యజమానిని ఒప్పించుకోగలిగితే, వంద సర్టిఫికెట్లకన్నా ఆ పన్నెండు ఎంట్రీలు ఎక్కువ మాట్లాడతాయి.

మియాపూర్ ఫైలు 63.1 లక్షల దగ్గర ఆగింది. ఇంకా 90 వేలు తక్కువ. గడువు పాతికేళ్లకు పెంచుదామన్నాడు మేనేజరు. లక్షకు కిస్తీ 805కి దిగుతుంది కాబట్టి 68 లక్షల దాకా వస్తుంది. కానీ 64 లక్షల మీద లెక్కేస్తే, అయిదేళ్లు పెంచినందుకు మొత్తం వడ్డీ 69 లక్షల నుంచి 90 లక్షలు దాటిపోతుంది. ఆ 90 వేల కోసం 21 లక్షలు. ఉద్యోగి తల అడ్డంగా ఊపాడు.

అప్పుడు చూశారు కారు లోను వైపు. ఇంకా ఏడు వాయిదాలే మిగిలాయి, తీర్చేయడానికి 80 వేలు సరిపోతాయి. దాన్ని కట్టేసి, బ్యాంకు నుంచి నో డ్యూస్ లెటర్ తెచ్చి ఫైలులో పెట్టగానే నెలకు 11,500 ఖాళీ అయింది. లక్షకు 868 చొప్పున అది 13 లక్షల అర్హత. వేరియబుల్ కోసం ఇంత తిరిగితే వచ్చింది అయిదు, చివరి ఏడు కారు కిస్తీలు మూసేస్తే వచ్చింది పదమూడు! వేరియబుల్ ఒక్క రూపాయి కలపకపోయినా 71 లక్షలకు అర్హుడే అన్నమాట.

అయినా మంజూరైంది 64 లక్షలే. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం 30 లక్షలు దాటి 75 లక్షల లోపు ఉండే గృహరుణం ఆస్తి విలువలో 80 శాతం మించకూడదు, 80 లక్షల ఫ్లాటు మీద అది 64. రిజిస్ట్రేషన్, స్టాంపు డ్యూటీ ఆ విలువలోకి రావు. తెలంగాణలో 7.5 శాతం చొప్పున అవి ఆరు లక్షలు. ఫ్లాటు ధరలో మిగిలిన 16తో కలిపి 22 లక్షలు అతను తన జేబులోంచే తీశాడు. ఎనభై వస్తుందన్న సైటాఫీసు కుర్రాడు ఆ లెక్క మాత్రం క్యాలిక్యులేటర్‌లో వేసి చూపించలేదు.